రొయ్యల భోజనం సీను: సిద్దిపేట యాస, భీమవరం మర్యాద, ఇంగ్లీషు సబ్‌టైటిల్

నేను ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తిరగరాసిన ఒక సినిమా సంగతి ఇది, ఒప్పందం ప్రకారం దాని పేరు బయటపెట్టకూడదు. అందుకే పాత్రల్ని పేర్లతో కాకుండా వరసలతోనే చెప్తాను, డైలాగులు కూడా అక్కడక్కడా కొద్దిగా మార్చాను. సీను ఇది: సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి పెళ్లికొడుకు, వాడి దోస్తు, వాడి మేనమామ భీమవరానికి పెళ్లిచూపులకి వస్తారు. పెళ్లికూతురి తండ్రి రొయ్యల చెరువులున్న రైతు. ముందు భోజనం, తర్వాత మాటలు అంటాడు. భోజనం దగ్గరే మాట మాట పట్టింపులకి వెళ్లి, పిల్లని చూడకుండానే ముగ్గురూ గేటు దాటి బయటికి వచ్చేస్తారు. దాదాపు మూడు నిమిషాల సీను, సినిమా మొత్తంలో ఎక్కువ నవ్వు రావాల్సింది ఇక్కడే.

తెలుగు ప్రివ్యూలో అలాగే వచ్చింది. విదేశాల షోల కోసం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఇంకో ప్రివ్యూ వేస్తే తెలుగువాళ్లు నవ్వుతున్నారు, వాళ్ల పక్కన కూర్చున్న స్నేహితులు, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు తెర వంక ఊరికే చూస్తున్నారు. ఆ ఫైల్ తిరగరాయడానికి నా దగ్గరికి వచ్చింది.

మొదటి ఫైల్ చేసినవాళ్లకి తెలుగు రాదనుకుంటే పొరపాటు. ప్రతి మాటకీ అర్థం ఉంది. కానీ వాళ్లకి ఇచ్చింది షూటింగ్‌కి ముందు కట్టిన డైలాగ్ స్క్రిప్ట్. మన సినిమాల్లో చాలావాటికి గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్లోనే పడుతుంది, అక్కడ నటులు మాటలు కలుపుతారు, మింగుతారు, యాస ముదురుస్తారు. ఈ సీన్లో మేనమామ అనే ‘తోపా బొంగా’ అన్న మాట స్క్రిప్ట్‌లో లేనే లేదు. ఆ మాట పడగానే పెళ్లికూతురి తల్లి చేతిలో గరిటె ఆగిపోతుంది. ఇంగ్లీషు చదివేవాళ్లకి ఆ మాట కనపడలేదు, గరిటె ఆగడం మాత్రం కనపడింది. ఎందుకు ఆగిందో వాళ్లకెలా తెలుస్తుంది? అందుకే నేను మొదట చేసే పని స్క్రిప్ట్ పక్కన పెట్టి, ఫైనల్ మిక్స్ ఆడియో విని, వినపడింది వినపడ్డట్టు తెలుగులో రాసుకోవడం. మ్యూట్ అయిన మాటలేమైనా ఉంటే అవీ అప్పుడే తేలతాయి. తెర మీద వినపడని మాట కింద అక్షరాల్లో కనపడకూడదు కదా.

ఈ ప్రాజెక్టుకి ఇచ్చిన కొలతలు మామూలువే: లైనుకి 42 అక్షరాలు, ఒకసారికి రెండు లైన్లు, సెకనుకి 17 అక్షరాలు మించకూడదు, ఒక సబ్‌టైటిల్ ఏడు సెకన్లకంటే ఎక్కువ నిలవకూడదు. ఖాళీలు, చుక్కలు, కామాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. సిద్దిపేట మేనమామ ఒక సెకనులో పలికేది ఇంగ్లీషులో పూర్తిగా రాస్తే రెండు సెకన్లు చదవాలి. కాబట్టి ఏది వదలాలి అన్న ప్రశ్న ప్రతి లైన్లోనూ వస్తుంది. దానికి జవాబు దొరకాలంటే ముందు ఈ సీన్లో నవ్వు ఎక్కడినుంచి పుడుతోందో తేల్చుకోవాలి.

నేను తేల్చుకున్నది ఇది. ఇక్కడ విడివిడి మాటల్లో పెద్ద జోకులు లేవు. ఒకవైపు అడిగిందానికల్లా ముక్కుసూటిగా జవాబు చెప్పే మనుషులు, ఇంకోవైపు కోపం వచ్చేకొద్దీ మర్యాద పెంచే మనిషి. ఈ రెండు పద్ధతులు ఒకే విస్తరి దగ్గర ఎదురుపడటమే కామెడీ. మొదటి ఫైల్లో రెండు పక్షాలూ ఒకే ఇంగ్లీషు మాట్లాడాయి, అది ఆఫీసు ఉత్తరం లాంటి బిగుసుకుపోయిన ఇంగ్లీషు. తండ్రి మర్యాద ముదురుతున్న సంగతి అందులో కనపడే దారే లేదు, ఎందుకంటే అందరూ మొదటి మాట నుంచీ అంతే మర్యాదగా ఉన్నారు.

యాసకి బదులు యాస పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. మేనమామకి అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెటూరి ఇంగ్లీషో, లండన్ వీధుల ఇంగ్లీషో ఇద్దామంటారు. డైరెక్టర్ గారి పక్కనున్న ఒకాయన కూడా అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇంగ్లీషు చదివినవాడి బుర్రలో వెంటనే గుర్రం, టోపీ ఉన్న ఇంకో మనిషి లేస్తాడు. తెర మీద లుంగీ కట్టుకుని పీట మీద కూర్చున్న మనిషికీ ఆ గొంతుకీ పొసగదు. ఇంకో కారణం కూడా ఉంది, అది నాకు ముఖ్యం. తెలంగాణ యాసని మన సినిమాల్లో చాలా ఏళ్లు విలన్ పక్కనున్న రౌడీలకో కమెడియన్‌కో అంటగట్టారు. హీరోలు ఆ యాసలోనే మామూలుగా ప్రేమించుకోవడం, ఏడవడం ఎక్కువగా చూస్తున్నది ఈమధ్యనే. మొదటి ఫైల్లో సిద్దిపేట వాళ్ల లైన్లలోనే ఇంగ్లీషు వ్యాకరణం తప్పులు ఎక్కువగా ఉన్నాయి. కావాలని చేసి ఉండరు, యాసలో ఉన్న వాక్యాన్ని మాట వెంట మాట మార్చితే అలాగే వస్తుంది. కానీ చదివేవాడికి ఆ ముగ్గురూ తెలివి తక్కువవాళ్లలా కనపడతారు. మేనమామ ఈ సీన్లో అందరికంటే చురుకైన మనిషి. ఆయన ఇంగ్లీషు తప్పుగా ఉండకూడదు, పొట్టిగా ఉండాలి.

కాబట్టి తేడాని యాసలో కాకుండా వాక్యం కట్టే తీరులో పెట్టాను. సిద్దిపేట పక్షానికి పొట్టి వాక్యాలు, కుదించిన క్రియలు, వీలైన చోట కర్త కూడా లేకుండా. భీమవరం తండ్రికి నిండు వాక్యాలు, ఏ క్రియనీ కుదించకుండా. ఆయన ‘అండీ’కి ‘సర్’ వాడాను గానీ అన్నిచోట్లా కాదు. ఆయన ఒక్కో వాక్యంలో రెండుసార్లు అండీ అంటాడు, అన్నిటికీ సర్ పెడితే చదివేవాడు విసుగెత్తి ఆ మాటని చూడటమే మానేస్తాడు. ముఖ్యంగా కోపం ఒక మెట్టు పెరిగిన చోటే పెట్టాను. సినిమాలో ఆయన కనపడే మిగతా సీన్లన్నీ కూడా ఇదే పద్ధతికి సరిచేయాల్సి వచ్చింది, లేకపోతే ఈ ఒక్క సీన్లో హఠాత్తుగా వేరే మనిషి అయిపోతాడు.

ఇక లైన్లు. మొదట తండ్రి, ‘ఆయ్, మీరసలేం తినట్లేదండీ, ఇంకో నాలుగు రొయ్యలు వెయ్యమంటారా’ అని అడిగేస్తూనే వేసేస్తాడు. అప్పటికే మేనమామ విస్తట్లో గుట్ట ఉంది. ఆయన దోస్తు చెవిలో, ‘ఏందిరా, సంపుతడా ఏంది’ అంటాడు. దీనికి భోజనమా హత్యా అన్నట్టుగా చమత్కారమైన ఇంగ్లీషు వాక్యాలు రెండు మూడు తట్టాయి. ఒక్కటీ పెట్టలేదు. మేనమామ చమత్కారంగా మాట్లాడే మనిషి కాదు, నిజంగానే భయపడ్డాడు. పాత్ర కంటే సబ్‌టైటిల్ తెలివిగా ఉంటే నవ్వు సబ్‌టైటిల్ రాసినవాడికి వెళ్తుంది, పాత్ర చప్పబడిపోతుంది. పెట్టింది ఇది:

```
Is he trying to kill me?
```

చాలా మామూలు వాక్యం. నవ్వించే పని విస్తరిలో గుట్ట చేస్తుంది, ఆయన మొహం చేస్తుంది. దానికి దోస్తు జవాబు, ‘లైట్ తీస్కో మామా, పిల్లనిచ్చేటోడు గట్లనే పెడ్తడు.’ పాత ఫైల్లో లైట్‌ని పట్టుకుని టేక్ ఇట్ లైట్ అని ఉంది. ఇంగ్లీషు వినపడింది కదా, అదే ఇంగ్లీషు రాద్దాం అనిపిస్తుంది, కానీ ఆ మాట మనది, ఇంగ్లీషువాడిది కాదు.

```
Relax. It's his daughter.
He has to overfeed you.
```

మామా అన్న పిలుపు ఇక్కడ వదిలేశాను. ఈ వదిలేయడం వెనక ఒక లెక్క ఉంది, దాని సంగతి బావ అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

తర్వాత వచ్చేది సీన్ మొత్తానికి మూలమైన చోటు. తండ్రి, ‘అబ్బాయిగారు ఏం చేస్తుంటారండీ’ అంటాడు. దోస్తు అందుకుని, ‘మనోడు తోపు సార్, హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్’ అంటాడు. మేనమామ నమిలేది ఆపకుండానే, ‘తోపా బొంగా, రెండేండ్ల సంది బెంచి మీదనే ఉన్నడు’ అంటాడు. గరిటె ఆగుతుంది. తండ్రి కాసేపు ఆలోచించి, ఎంతో సానుభూతితో, ‘బెంచి మీదాండీ? ... కుర్చీ ఇవ్వలేదాండీ?’ అంటాడు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండటాన్ని బెంచి అంటారని మనకి తెలుసు, ఆ రైతుకి తెలియదు. అదృష్టం కొద్దీ ఈ జోకు ఇంగ్లీషు మాట మీదే నిలబడింది, ఎక్కడా మార్చక్కర్లేదు. అమెరికాలో బెంచి అంటే ఆటలో మైదానంలోకి దిగకుండా పక్కన కూర్చున్నవాడు గుర్తొస్తాడు. అదీ ఇక్కడికి సరిపోతుంది, పని లేని మనిషి అన్న అర్థం ఎటు తిరిగినా అందుతుంది. పైగా తెలుగు సగం అర్థమయ్యే పిల్లలు చెవితో బెంచి అన్న మాట వింటారు, కింద అదే కనపడకపోతే ఏదో దాచారని అనుమానపడతారు. విన్న ఇంగ్లీషు మాటకీ చదివే మాటకీ అర్థం ఒకటే అయిన చోట దాన్ని కదిలించను. లైట్ లాంటివి మాత్రమే మారుస్తాను.

అంత సులువైన జోకు మొదటి ఫైల్లో ఎందుకు పేలలేదు? ఇదిగో, అది ఇలా ఉంది:

```
398
00:41:07,200 --> 00:41:13,500
- He is sitting on bench since two years.
- On bench means, they did not give chair?
```

ఇంగ్లీషు సరిగ్గా లేదు, అది ఒకటి. కానీ ఇంగ్లీషు దిద్దినా ఈ సబ్‌టైటిల్ పేలదు. లెక్క చూడండి. రెండు లైన్లూ కలిపి 83 అక్షరాలు. సెకనుకి 17 చొప్పున ఐదు సెకన్ల లోపే చదవడం అయిపోతుంది. తండ్రి నోరు తెరిచేది 41 నిమిషాల 12వ సెకనుకి, అంటే సబ్‌టైటిల్ వచ్చిన 4.8 సెకన్లకి. ఆయన నోరు విప్పేటప్పటికే చదివేవాడు కుర్చీ దాకా వెళ్లిపోయి ఉంటాడు. ఆ మధ్యలో తండ్రి సీరియస్‌గా ఆలోచించే క్షణం ఉంది, నటుడు ప్రాణం పెట్టి చేసింది అదే. చదివేవాడు ఆ క్షణంలో ఆయన మొహం చూడట్లేదు, కింద లైన్ చదువుతున్నాడు. పైగా మేనమామ మాట అయ్యాక తండ్రి మొహానికి కట్ అవుతుంది. పాత సబ్‌టైటిల్ ఆ కట్ మీదుగా సాగింది. షాట్ మారినా అక్షరాలు మారకపోతే కన్ను మళ్లీ మొదటి నుంచి చదవడానికి వెళ్తుంది.

నా ఫైల్లో ఇది మూడు ముక్కలైంది:

```
412
00:41:07,200 --> 00:41:10,400
Hotshot, my ass.
He's been on the bench two years.

413
00:41:12,000 --> 00:41:13,900
On a bench, sir?

414
00:41:14,600 --> 00:41:16,500
They could not give him a chair?
```

పదో సెకను దాటాక పన్నెండు దాకా తెర కింద ఏమీ లేదు. ఆ ఖాళీ కావాలనే వదిలాను. అప్పుడు కళ్లు పైకి లేస్తాయి, ఆగిన గరిటె కనపడుతుంది, తండ్రి మొహం కనపడుతుంది. ‘సర్’ ఇక్కడ ఉంది, ఆయన సానుభూతికి అదే ఆధారం. చివరి లైన్లో క్రియ కుదించి ఉంటే అక్షరాలు తగ్గేవి, కానీ ఆయన కుదించి మాట్లాడే మనిషి కాడు. 1.9 సెకన్లకి 32 అక్షరాలు, కొలతలో సరిపోయింది కాబట్టి సరే. సరిపోకపోతే సబ్‌టైటిల్‌ని ఆయన మాట అయ్యాక కూడా కొంచెం ముందుకు సాగదీసేవాణ్ని గానీ ముందుగా మొదలుపెట్టేవాణ్ని కాదు. ఆలస్యంగా పోయిన సబ్‌టైటిల్ వల్ల జోకు చెడదు, ముందొస్తే చెడుతుంది.

‘తోపా బొంగా’ దగ్గర తర్జనభర్జన ఎక్కువే జరిగింది. ఈ కట్టు తెలుగులో ఎవరైనా పొగడగానే ఆ పొగడ్తనే తీసుకుని తిప్పికొట్టేది. హీరోనా బొంగా, ఇంజనీరా బొంగా, ఏదైనా పడుతుంది. ఇంగ్లీషులోనూ పొగిడిన మాటని మళ్లీ పలికి వెనక ఒక మొరటు ముక్క తగిలించే కట్టు ఉంది, పైన పెట్టింది అదే. రెండూ పని చేసే తీరు ఒకటే కాబట్టి తోపుకి హాట్‌షాట్ అని దోస్తు లైన్లోనే వేసుకున్నాను, మేనమామకి తిప్పికొట్టడానికి సిద్ధంగా ఉండాలని. బూతు ఎంత ఘాటుగా ఉండాలన్నది నేను నిఘంటువు చూసి తేల్చను, ఫ్రేములో ఉన్న మొహాలు చూసి తేలుస్తాను. ఇక్కడ గరిటె ఆగింది, ఎవరూ లేచి వెళ్లిపోలేదు. అంటే భోజనాల దగ్గర అనకూడని మాట, కొట్టుకునే మాట కాదు. ఇంగ్లీషు మాట కూడా సరిగ్గా ఆ మెట్టు మీదే ఉండాలి. విమానాల్లో వేసే కాపీకి, టీవీ కాపీకి అది కుదరదన్నారు, వాటికి వేరే లైను ఇచ్చాను:

```
Some hotshot.
He's been on the bench two years.
```

ఎత్తిపొడుపు ఇందులోనూ ఉంది, గరిటె ఎందుకు ఆగిందో మాత్రం చెప్పదు. ఆ కాపీ చూసేవాళ్లకి అంత నష్టం తప్పదు.

ఇదే సూత్రం ‘నీ యవ్వ’కీ వర్తిస్తుంది. భోజనానికి కూర్చోగానే దోస్తు రొయ్యల్ని చూసి ‘నీ యవ్వ, ఏం రొయ్యల్రా బై’ అంటాడు. పాత ఫైల్లో ఎదుటివాడి తల్లిని తిట్టినట్టే రాశారు. తెర మీద తిట్టించుకున్నవాడు నవ్వుతూ తలూపుతున్నాడు. ఆ చదువరికి వీళ్లెవరో అంతుపట్టదు. ఆ మాట అక్కడ ఆశ్చర్యం, ఇంకేం కాదు:

```
Damn. Look at those prawns.
```

అదే మాట సినిమా చివర్లో కొట్లాటలో వస్తుంది. అక్కడ ఘాటుగానే రాశాను. ఒకే తెలుగు మాటకి సినిమా అంతా ఒకే ఇంగ్లీషు మాట ఉండాలని చెకింగ్ చేసేవాళ్లు పట్టుబడతారు, మనిషి పేర్లకీ ఊళ్లకీ అది సరే. తిట్లకి ఆ పట్టింపు పెడితే పని చెడుతుంది.

ఇప్పుడు బావ. తండ్రి కోపం దిగమింగుకుంటున్న సమయంలో పెళ్లికూతురి తమ్ముడు, పదేళ్లవాడు, చెంబు పట్టుకొచ్చి పెళ్లికొడుకుని, ‘బావగారూ, మంచినీళ్లు కావాలాండీ’ అంటాడు. తల్లి గిరుక్కున తల తిప్పుతుంది. తండ్రి, ‘ఒరేయ్, ఇంకా ఏం ఖాయం కాలేదురా’ అంటాడు. సంబంధం చెడబోతోందని అందరికీ తెలిసిపోయిన ఆ క్షణంలో వాడొక్కడే వరస కలిపేశాడు.

దీనికి ఇంగ్లీషులో బ్రదర్ ఇన్ లా తప్ప ఇంకో మాట లేదు. పొడుగైన మాట, మామూలుగా నేను తప్పించుకునే మాట. పాత ఫైల్లోనూ ఇక్కడ అదే ఉంది, అయినా నవ్వు రాలేదు. ఎందుకంటే సినిమా మొదలైనప్పటినుంచి దోస్తు పెళ్లికొడుకుని బావా, మామా అని పిలిచిన ప్రతిసారీ పాత ఫైల్ ఆ మాటే వేసింది, లేదా అంకుల్ అని వేసింది. చదివేవాళ్లు వాళ్లిద్దరూ నిజంగా చుట్టాలనుకున్నారు. పిల్లవాడు అదే మాట అన్నప్పుడు వాళ్లకి అందులో కొత్తేం కనపడలేదు. నేను మొదటి నలభై నిమిషాల్లోంచీ దోస్తుల మధ్య బావని, మామని పూర్తిగా తీసేశాను. అవసరమైతే పేరు పెట్టాను, లేకపోతే ఏమీ పెట్టలేదు, దగ్గరితనం మిగతా వాక్యంలో తెలిసిపోతుంది. మేనమామని అంకుల్ అని ఒక్కసారే పిలిపించాను, బస్సు దిగే సీన్లో, ఆయనెవరో తెలియడానికి. అలా దాచి ఉంచితే ఈ సీన్లో మొదటిసారి బ్రదర్ ఇన్ లా అన్న మాట తెర మీదకొచ్చింది, వచ్చినప్పుడు దానికి బరువుంది.

```
Brother-in-law, more water?
```

మామూలుగా ఇంగ్లీషులో ముఖ్యమైన మాటని వాక్యం చివరికి నెడతాను, పంచ్ అక్కడ పడుతుంది కాబట్టి. ఇక్కడ అలా చేయలేదు. తల్లి తల తిప్పేది ‘బావగారూ’ అన్న వెంటనే, నీళ్ల మాట రాకముందే. ఆ మాట చివర ఉంటే ఆమె దేనికి తిరిగిందో చదివేవాడికి ఆమె తిరిగాక తెలుస్తుంది.

గేటు దగ్గరికి వద్దాం. తండ్రి చేతులు జోడించి, ‘మీలాంటి పెద్దోళ్లు మా ఇంటికి రావడమే మా అదృష్టమండీ’ అంటాడు. ఊపిరి తీసుకుని, అదే నవ్వు మొహంతో, ‘ఇంకోసారి ఇంత శ్రమ తీసుకోకండే’ అంటాడు. మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దని దీనర్థం. గోదావరి జిల్లాల వాళ్లకి వివరించక్కర్లేదు.

```
It was an honour to have you, sir.
```

```
Kindly do not take such trouble again.
```

రెండు వేర్వేరు సబ్‌టైటిల్స్, మధ్యలో ఆయన ఊపిరి. బిగుసుకుపోయిన ఇంగ్లీషు వద్దు వద్దని ఇంతసేపూ అన్న నేను ఇక్కడ కావాలనే ఆఫీసు ఉత్తరం ఇంగ్లీషు రాశాను, ఎందుకంటే ఆయన తిట్టేదే అలా. నిజం చెప్పాలంటే పాత ఫైల్లో ఈ రెండు వాక్యాలూ దాదాపు ఇలాగే ఉన్నాయి, బాగానే ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు మామూలుగా మాట్లాడకపోవడం వల్ల అక్కడ అవి తేలిపోయాయి.

దానికి మేనమామ, పాపం, ఇంతసేపు విన్న ప్రభావంతో, ‘ఆయ్... ఎల్లొస్తామండీ’ అనేస్తాడు. తెలుగు ప్రివ్యూలో సీనంతటిలో పెద్ద నవ్వు ఇదే. సిద్దిపేట మనిషి నోట ఆయ్! ఇంగ్లీషులో ఆయ్ లేదు, అండీ లేదు. కానీ సీనంతా తండ్రి వాక్యాలకి ఒక తీరు పెట్టి ఉంచాను కాబట్టి దాన్నే మేనమామ నోట్లో పెట్టాను:

```
Thank you, sir.
We shall take our leave.
```

అప్పటిదాకా కర్త కూడా లేకుండా మాట్లాడిన మనిషి ఇలా అంటే తేడా తెలియాలి. 39 అక్షరాలు, చదవడానికి 2.3 సెకన్లు కావాలి. ఆయన మాట అంతకంటే ముందే అయిపోతుంది గానీ తర్వాత గేటు మూసే దాకా మాటల్లేవు, అక్కడిదాకా నిలిపాను.

రోడ్డు మీదకొచ్చాక దోస్తు, ‘మామా, గాయిన దండం పెట్టిండా, దొబ్బెయ్యమన్నడా’ అంటాడు. మేనమామ, ‘రెండు. రొయ్యలైతే మస్తున్నయ్’ అంటాడు. దండం, దొబ్బెయ్యడం, రెండూ దకారంతో మొదలై నోట్లో ఒకేలా పడతాయి. అర్థం చెప్పినంత మాత్రాన ఈ లైను నిలవదు, ఆ తూగు కూడా కావాలి:

```
Did he just thank us
or throw us out?
```

```
Both. Great prawns, though.
```

ఫైల్ అయ్యాక తెలుగు ముక్క కూడా రాని కొద్దిమందికి ఆ రీలు వేసి చూపించాను. వాళ్లని తర్వాత ఏమీ అడగలేదు. బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు. తెర వైపు కాకుండా వాళ్ల వైపు కూర్చుని, నవ్వు వచ్చిన చోటల్లా టైమ్‌కోడ్ రాసుకున్నాను. నవ్వు నటుడి మాట కంటే ముందొస్తే సబ్‌టైటిల్ ముందుగా విప్పేసిందని అర్థం. ఆలస్యంగా వస్తే వాక్యం పొడుగైందనో, ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో సరిచేసుకోవాల్సి వస్తోందనో అర్థం. అసలు రాకపోతే సాధారణంగా ఆ లైన్లో తప్పు ఉండదు, అంతకుముందెక్కడో వేయాల్సిన పునాది వేయలేదు. కుర్చీ దగ్గర నవ్వు తండ్రి మాటతోపాటే వచ్చింది. చెంబుతో వచ్చిన పిల్లవాడి దగ్గర తల్లి తల తిప్పడంతోపాటే వచ్చింది. చివరి లైనుకి బాగా నవ్వారు.

ఆయ్ దగ్గర మాత్రం ఒకరిద్దరు చిరునవ్వు నవ్వారు, అంతే. సగం తెలుగు వచ్చిన పిల్లలకి విడిగా చూపిస్తే వాళ్లు గట్టిగానే నవ్వారు, ఎందుకంటే వాళ్ల చెవికి ఆయ్ వినపడింది, కింద ఇంగ్లీషు దానికి సాక్ష్యం పలికింది. చెవి సాయం లేనివాళ్లకి వాక్యం తీరు మారిందన్న సంగతి ఒక్క సబ్‌టైటిల్‌లో పట్టుకోవడం కష్టం. మేనమామ తండ్రిని అనుకరిస్తున్నాడని తెలిసేలా ఇంకో ముక్క కలపమని సలహా వచ్చింది. కలపలేదు. ఆయన అనుకరించట్లేదు, తనకి తెలియకుండానే అనేశాడు. అనుకరణగా రాస్తే వెటకారమవుతుంది, ఆ మనిషి మారిపోతాడు. పెద్ద నవ్వు చిన్నదైనా పర్వాలేదనుకున్నాం, డైరెక్టర్ గారు కూడా దానికే ఒప్పుకున్నారు.

ఇంగ్లీషు ఫైల్ ఇచ్చేస్తే పని అయిపోదు. మిగతా భాషల సబ్‌టైటిల్స్ చాలాసార్లు తెలుగు నుంచి కాకుండా ఈ ఇంగ్లీషు ఫైల్ నుంచే తయారవుతాయి. అందుకని పక్కన నోట్స్ కాలమ్‌లో కొన్ని లైన్లకి వివరం రాసి పంపాను. బెంచి దగ్గర, సాఫ్ట్‌వేర్ కంపెనీ అర్థమూ కూర్చునే బల్ల అర్థమూ రెండూ కావాలని రాశాను. తండ్రి లైన్లన్నిటికీ, ఆ భాషలో ఉన్న గౌరవ రూపం వాడమని రాశాను. ఎక్కువ వివరం రాసింది చెంబు పిల్లవాడి లైనుకి. ఇంగ్లీషు మాట ఒక్కటే గానీ హిందీలో దాని కింద జీజా, సాలా, దేవర్, జేఠ్ అని వరసలున్నాయి. వెనక ఎవరు, ఎవరిని పిలుస్తున్నారో తెలియకుండా అనువాదం చేస్తే సాలా పడే ప్రమాదం ఉంది, అది వరస తప్పు మాత్రమే కాదు, హిందీలో తిట్టు కూడా. పెళ్లికూతురి తమ్ముడు కాబోయే బావని గౌరవంగా పిలుస్తున్నాడు, పిలిచేవాడికి పదేళ్లు, పెళ్లి ఇంకా కుదరలేదు అని పూర్తిగా రాసి, పక్కన జీజాజీ అని కూడా చేర్చాను.